దసరా సెలవు నోటీసు: శుభాకాంక్షలు ముందా, తేదీలు ముందా?

ఉప్పల్ సునంద:
మా వారిది పళ్ళ క్లినిక్. దసరాకు ఊరెళ్తున్నాం. తలుపు మీద అంటించడానికీ, వాట్సాప్ స్టేటస్‌కూ ఇది రాశాను. బాగుందా? చదివినవాళ్ళు విసుక్కోకుండా మళ్ళీ రావాలి.
"మా పేషెంట్లకు, శ్రేయోభిలాషులకు విజయదశమి శుభాకాంక్షలు! పండుగ సందర్భంగా అక్టోబరు 2 నుంచి 4 వరకు క్లినిక్‌కు సెలవు. అసౌకర్యానికి చింతిస్తున్నాం."

చీరల బాబాయ్:
చక్కగా ఉందమ్మా. పైన జమ్మి కొమ్మ, పాలపిట్ట బొమ్మ పెట్టు. పండగ పూట "మూసివేత" అని మొదలుపెడితే అపశకునంలా ఉంటుంది. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో 22 ఏళ్ళుగా ముందు శుభాకాంక్షలే రాస్తున్నా, ఎవరూ కాదనలేదు.

ముందు డెస్క్:
పళ్ళ క్లినిక్ రిసెప్షన్‌లో పదకొండేళ్ళుగా ఉన్నాను. సునంద గారూ, ఒక్క మాట చెప్పండి. 5వ తేదీ తెరుస్తారా?

ఉప్పల్ సునంద:
5 ఆదివారం కదండీ, మాకు ఎప్పుడూ సెలవే. సోమవారం తెరుస్తాం.

ముందు డెస్క్:
ఆ సంగతి మీకు తెలుసు, పేషెంటుకు తెలియదు. "4 వరకు సెలవు" అని చదివినవాడు 5న బండేసుకుని వస్తాడు. "4 వరకు" అంటే 4న తెరుస్తారనుకుని ఆ రోజే వచ్చేవాళ్ళూ ఉంటారు. మా దగ్గర ఒక సంక్రాంతికి అచ్చంగా ఇదే జరిగింది. ఘట్‌కేసర్ నుంచి ఒక పెద్దాయన మనవణ్ణి తీసుకుని వచ్చి, షట్టర్ చూసి వెనక్కి పోయాడు. ఆ తర్వాత ఆ ఇంట్లోవాళ్ళెవరూ మా దగ్గరికి రాలేదు. మూసే రోజు కంటే తెరిచే రోజు పెద్దక్షరాల్లో ఉండాలి, వారం పేరుతో, టైముతో.

చీరల బాబాయ్:
"వరకు" అంటే ఆ రోజు కూడా కలిసినట్టే. చిన్నప్పుడు తెలుగు చదవలేదా?

ముందు డెస్క్:
తెలుగు పరీక్ష పెట్టడం లేదు బాబాయ్. రెండు రకాలుగా అర్థమయ్యే మాట నోటీసులో ఎందుకు?

బోడుప్పల్ రమణ:
ఇంతకీ దసరా, గాంధీ జయంతి ఒకే రోజు పడ్డయి కదా, మాకు ఒక సెలవు పోయినట్టే. స్టాఫ్‌కు బదులు సెలవు ఇస్తరా ఇయ్యరా? మా ఓనర్ అడిగితే నవ్విండు.

తార్నాక కిరణ్:
అన్నా, అది వేరే ముచ్చట.

తార్నాక కిరణ్:
సునంద గారూ, స్టేటస్ 24 గంటలకు పోతుంది. 1న పెడితే 3న చూసేవాడికి ఏమీ కనిపించదు. నాది మొబైల్ రిపేర్ షాపు, నేను వాట్సాప్ బిజినెస్‌లో `Away message` పెట్టి ఊరెళ్ళా. ఎవరు మెసేజ్ చేసినా జవాబు దానంతటదే పోతుంది. ఇక నోటీసుతో పనే లేదు.

ముందు డెస్క్:
సగం నిజం తమ్ముడూ. మెసేజ్ చేసినవాడికే ఆ జవాబు అందుతుంది, ఫోన్ చేసినవాడికి కాదు. పైగా అందులో `Always send` పెట్టి మర్చిపోతే, తెరిచిన తర్వాత కూడా "సెలవు" అనే చెప్తూ ఉంటుంది. మాకు తెరిచిన రెండో రోజు మధ్యాహ్నం దాకా అలాగే పోయింది. ఫోనేమీ రావట్లేదని మేం ఈగలు తోలుకుంటున్నాం. `Custom schedule` పెట్టి, ముగిసే రోజూ టైమూ ఇవ్వాలి. గూగుల్ మ్యాప్స్‌లో కూడా ఆ నాలుగు రోజులూ మూసినట్టు మార్చాలి. లేదంటే ఎప్పటి టైములే చూపించి, పండుగ వల్ల మారొచ్చు అని ఒక ముక్క చెప్పి వదిలేస్తుంది.

తార్నాక కిరణ్:
అరె, నాది ఇంకా `Always send`లోనే ఉన్నట్టుంది. చూస్తా ఆగండి.

ముందు డెస్క్:
అసలు సంగతికి వస్తా. నోటీసు కొత్తవాళ్ళకు. ట్రీట్‌మెంట్ మధ్యలో ఉన్నవాళ్ళకు నోటీసు చాలదు, ఫోన్ చేయాలి. 30న, 1న ఎవరికైనా పన్ను పీకుతున్నారా? మామూలుగా నొప్పి రోజురోజుకీ తగ్గాలి. రెండో రోజో మూడో రోజో తగ్గేదల్లా పెరిగి చెవి దాకా లాగితే, పన్ను తీసిన గుంటలో గడ్డకట్టిన రక్తం పోయి గుంట ఎండిందేమో అనుకోవాలి. అది ఉత్త మాత్రతో పోదు, డాక్టర్ కడిగి మందు పెట్టాలి. మీ లెక్కన ఆ నొప్పి సరిగ్గా 2 నుంచి 4 మధ్య వస్తుంది. అందుకే ఆ చివరి రెండు రోజుల్లో పీకుడు పనులు ఆగగలిగినవైతే 6 తర్వాతకు రాయమని మా డాక్టర్ చెప్తారు. రూట్ కెనాల్ సగంలో ఉండి తాత్కాలిక ఫిల్లింగ్‌తో ఉన్నవాళ్ళ పేర్లు కూడా రాసుకోండి. నోటీసులో ఇంకో డాక్టర్ నంబరు ఇవ్వండి.

చీరల బాబాయ్:
ఇదిగో, ఇక్కడ ఒప్పుకోను! సొంత బేరాన్ని చెయ్యిపట్టి పక్కవాడికి అప్పగించమంటున్నావు. ఒక సంక్రాంతికి నేనే షాపు మూసి, ఒక పెళ్ళివాళ్ళను నాలుగు రోజుల కోసం మా బావమరిది షాపుకు పంపా. పెళ్ళి చీరలన్నీ అక్కడే కొన్నారు. ఇప్పటికీ అక్కడికే పోతారు. బావమరిది ఎదురైతే నవ్వుతాడు కూడా.

ముందు డెస్క్:
చీర నాలుగు రోజులు ఆగుతుంది బాబాయ్, దవడ వాపు ఆగదు. వాపుతో పాటు జ్వరం వచ్చినా, మింగడం కష్టమైనా ఏ ఫోన్ నంబరు కోసమూ ఆగకుండా ఉస్మానియా క్యాజువాల్టీకో దగ్గరున్న పెద్దాసుపత్రికో పోవాలి. ఆ మాట కూడా నోటీసులో ఉండాలి. నొప్పితో నరకం చూసినవాడికి మీ శుభాకాంక్షలు గుర్తుంటాయా, ఎవరూ ఫోన్ తీయలేదని గుర్తుంటుందా?

చీరల బాబాయ్:
జీతానికి పనిచేసేవాళ్ళకు ఏం తెలుస్తుందిలే, నెల తిరిగితే జీతం వస్తుంది. పోయిన పేషెంటు ఎవరి జేబుకు చిల్లు?

ముందు డెస్క్:
ఆ పెద్దాయన ఫోన్‌లో తిడితే ఆ తిట్లు తిన్నది నేను. మీరూ కాదు, మా ఓనరూ కాదు.

ఉప్పల్ సునంద:
ఇద్దరూ ఆగండి. నిజం చెప్తాను. నోటీసులో నంబరు పెట్టకపోవడానికి కారణం అందం కాదు, పేషెంట్లు పోతారనీ కాదు. మా వారు ఫోన్ తీయనంటున్నారు. పోయిన ఏడాది బతుకమ్మ ఆడుతున్న చోట కూడా ఫోన్ పట్టుకునే నిలబడ్డారు, సగం కాల్స్ "ఎప్పుడు తెరుస్తారు" అనే. ఈసారి నాలుగు రోజులు ఫోన్ వద్దన్నారు. నాకూ అదే కావాలి.

ముందు డెస్క్:
అది ముందే చెప్పి ఉంటే ఇంత గొడవ ఉండేది కాదు. తెరిచే రోజు స్పష్టంగా ఉంటే ఆ సగం కాల్స్ రావు. మిగిలినవి తీసుకోవడానికి ఊళ్ళో ఉండే డాక్టర్ ఒకరు కావాలి, వారిని ముందుగా అడిగి ఒప్పించాలి. ఇలా రాయండి:
"క్లినిక్ అక్టోబరు 6 సోమవారం ఉదయం 10 గంటలకు తెరుస్తాం. 2 గురువారం, 3, 4, 5 ఆదివారం: నాలుగు రోజులూ సెలవు. నొప్పి పెరిగినా, ఫిల్లింగ్ ఊడినా ఈ నంబరుకు ఫోన్ చేయండి (మెసేజ్ వద్దు). వాపుతో జ్వరం వచ్చినా, మింగలేకపోయినా వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళండి. అందరికీ దసరా శుభాకాంక్షలు."

చీరల బాబాయ్:
శుభాకాంక్షలు అడుక్కి పోయాయి.

బోడుప్పల్ రమణ:
ఆ ఒక్క ముక్క పైకి జరపండక్కా, బాబాయ్ శాంతిస్తడు.

ఉప్పల్ సునంద:
మా వారి క్లాస్‌మేట్ ఒప్పుకున్నారు, అయితే రాత్రి 8 తర్వాత తీయనన్నారు. అదీ రాశాను. మధ్యలో ఉన్నవాళ్ళు 11 మంది తేలారు, ఏడుగురికి ఫోన్ చేశా. 1న రావాల్సిన ఒకరిని 7కి మార్చాం, ఆయన కొంచెం గొణిగారు. పాలపిట్ట బొమ్మ పెట్టాను బాబాయ్, చిన్నది.

చీరల బాబాయ్:
చూశా. ఆ క్లాస్‌మేట్ క్లినిక్ మీకు ఎంత దూరం?