అన్వేకం కాదు, సంగ్రస్తం కాదు: ఒకే సూత్రానికి రెండు పరీక్షలు సరిగ్గా చేశానా?

f(x) = x² + x + 1 తీసుకున్నాను. దయచేసి ఎవరైనా సరిచూడండి.

అన్వేకం కోసం f(a) = f(b) అనుకుంటే (a − b)(a + b + 1) = 0 వస్తుంది. ప్రదేశం N అయితే a + b + 1 సున్నా కాలేదు, కాబట్టి a = b, అన్వేకమే. అదే ప్రదేశం R అయితే f(0) = f(−1) = 1, అన్వేకం కాదు. కాదని చెప్పడానికి ఈ ఒక్క జత చాలు కదా? అవునని చెప్పడానికి మాత్రం మొత్తం నిరూపణ రాయాల్సిందే, రెండు మూడు విలువలు వేసి చూస్తే కుదరదు.

సంగ్రస్తం దగ్గర సహప్రదేశం చూడాలి. f: R → R లో y = 0 పెడితే x² + x + 1 = 0, విచక్షణి −3, వాస్తవ మూలం లేదు. కాబట్టి సంగ్రస్తం కాదు. కనిష్ఠ విలువ 3/4 కనుక సహప్రదేశాన్ని [3/4, ∞) చేస్తే సంగ్రస్తం అవుతుంది, అన్వేకం మాత్రం ఇంకా కాదు. f: N → N లో అయితే మొదటి విలువే f(1) = 3, అంటే 1, 2 మిగిలిపోతాయి.

నా అసలు సందేహం: N → N లో సంగ్రస్తమై అన్వేకం కానిది కావాలి. f(1) = 1, n > 1 అయితే f(n) = n − 1 అన్నది తెలుసు. ఇలా ముక్కలుగా కాకుండా ఒకే బహుపదితో ఇవ్వగలమా? కుదరకపోతే ఎందుకో కారణం చెప్పండి.