వరసగా ఆరు చుక్కలు: పప్పు వేగినందుకా, యూరియా వేడెక్కినందుకా?

జీడిమామిడి (శ్రీకాకుళం):
అందరికీ నమస్తే. ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ రెండో ఏడాది చదువుతున్నాను. ప్రొటీన్లని అడ్డంగా చార్జిని బట్టీ, నిలువుగా బరువుని బట్టీ విడదీసే టూ-డీ జెల్ మీద పచ్చి జీడిపప్పునీ, వేయించిన జీడిపప్పునీ పోల్చాను. 7 సెంటీమీటర్ల స్ట్రిప్, పీహెచ్ 3 నుంచి 10. దాదాపు 32 కిలోడాల్టన్ల ఎత్తులో పచ్చిదానికి మూడు చుక్కలు వచ్చాయి. వేయించినదానికి అదే ఎత్తులో ఆరు. కొత్తగా వచ్చిన మూడూ ఆసిడ్ వైపే ఉన్నాయి. వేయించడం వల్లే ప్రొటీన్ మారిందని ప్రాజెక్టులో రాయొచ్చా? గైడ్ గారు రాయమంటున్నారు, మా సీనియర్ వద్దంటున్నాడు. నెలాఖరుకి ఇచ్చేయాలి, టెన్షన్‌గా ఉంది.

వంశధార:
రాయకండి. ఇది ఫోకసింగ్ సరిగ్గా పూర్తి కాకపోవడం. శాంపిల్‌లో ఉప్పు ఉంటే వోల్టేజీ పైకి ఎక్కదు, ప్రొటీన్ తన చోటికి చేరకుండా దారిలోనే ఆగిపోతుంది. నాకు ఇలాగే అయింది. మొత్తం వోల్ట్-అవర్స్ పెంచి మళ్ళీ నడపండి, మూడు చుక్కలే వస్తాయి.

నాగావళి ఒడ్డు:
ఉప్పు గురించి మీరు చెప్పింది నిజమే కానీ ఈ జెల్‌కి అతకదు. ఫోకసింగ్ చాలకపోతే అడ్డంగా చీపురుతో ఊడ్చినట్టు చార వస్తుంది. ఈ అమ్మాయి చెబుతున్నవి విడివిడి చుక్కలు. విడిగా, గుండ్రంగా నిలబడ్డాయంటే ఒక్కొక్కటీ తన పీహెచ్ దగ్గరికి చేరే ఆగింది. అంటే ఆరు వేర్వేరు చార్జీలున్న రూపాలు స్ట్రిప్‌లోకి వెళ్ళిన మాట నిజం. అవి ఎక్కడ పుట్టాయన్నదే ప్రశ్న: బాణలిలోనా, ట్యూబులోనా?

అమ్మా, రెండు విషయాలు చెప్పు. యూరియా బఫర్ ఎలా తయారుచేశావు? వేయించిన పొడి అందులో ఎలా కరిగింది?

జీడిమామిడి:
సార్, 8 మోలార్ యూరియా, 4 శాతం చాప్స్, డీటీటీ, కొంచెం యాంఫొలైట్. యూరియా వేస్తుంటే బీకరు చల్లబడిపోయి బయట చెమట పట్టింది, పలుకులు అడుగునే ఉండిపోయాయి. అందుకని హాట్ ప్లేట్ మీద పెట్టి తిప్పాను. పచ్చి పొడి మామూలుగానే కరిగింది. వేయించినది ముద్దకట్టి కరగలేదు, 70 డిగ్రీల వాటర్ బాత్‌లో అరగంట ఉంచాను. ఎస్‌డీఎస్ జెల్‌కి శాంపిల్ మరిగిస్తాం కదా, ఇదీ అంతే అనుకున్నాను.

నాగావళి ఒడ్డు:
అసలు విషయం ఇక్కడుంది.

ఎస్‌డీఎస్ శాంపిల్ బఫర్‌లో యూరియా ఉండదు కాబట్టి మరిగించినా నష్టం లేదు. యూరియా నీళ్ళలో ఉన్నంతసేపూ కొద్దికొద్దిగా సయనేటుగా మారుతూ ఉంటుంది, వేడి తగిలితే ఆ మార్పు జోరందుకుంటుంది. ఆ సయనేటు లైసీన్ల మీదా, ప్రొటీన్ మొదటి కొసన ఉండే అమైన్ మీదా అతుక్కుంటుంది. దీన్నే కార్బమైలేషన్ అంటాం. అతుక్కున్న చోటల్లా ఒక పాజిటివ్ చార్జి పోతుంది. ఒకటి పోయిన అణువులు ఒక అడుగు ఆసిడ్ వైపు, రెండు పోయినవి రెండు అడుగులు జరుగుతాయి. బరువు మాత్రం ఒక్కో అతుకుకి 43 డాల్టన్లే పెరుగుతుంది, 32 వేల ముందు అది ఏ మూలకీ రాదు. అందుకే ఎత్తు మారకుండా ఎడమ పక్కకి చుక్కలు బారులు తీరుతాయి. ఇది ఎంత నమ్మకంగా జరుగుతుందంటే, ఒకప్పుడు తెలిసిన ప్రొటీన్‌ని కావాలనే యూరియాలో వేడిచేసి, ఆ చుక్కల బారుని జెల్ మీద కొలబద్దగా వాడేవారు.

యూరియా పడిన శాంపిల్‌ని 37 డిగ్రీలు దాటనివ్వకూడదని నేర్పేది ఇందుకే. మే నెలలో కరెంటు పోయిన మధ్యాహ్నం మన ల్యాబుల్లో గది వేడే ఆ గీతకి వచ్చేస్తుంది, బాత్ దాకా పోనక్కర్లేదు. యూరియా కరిగేటప్పుడు బీకరు చల్లబడటం దాని సహజ గుణం. గోరువెచ్చని నీళ్ళ గిన్నెలో బీకరు పెట్టి ఓపిగ్గా తిప్పితే కరుగుతుంది. కరిగాక మిక్స్‌డ్ బెడ్ రెజిన్ 100 మిల్లీలీటర్లకి ఒక గ్రాము వేసి పది నిమిషాలు తిప్పి వడకట్టు, అప్పటికే పుట్టిన సయనేటు పోతుంది. ఆ తర్వాత చాప్స్, డీటీటీ కలిపి, చిన్న ట్యూబుల్లో పోసి మైనస్ 20లో పెట్టుకో. ఒకసారి కరిగించిన ట్యూబుని మళ్ళీ గడ్డకట్టించకు.

నీ జెల్‌లో పచ్చిదానికీ వేయించినదానికీ ఒకటి కాదు, రెండు తేడాలున్నాయి. ఒకటి బాణలి, రెండోది వాటర్ బాత్. ఏది చుక్కలు పుట్టించిందో ఈ జెల్ చెప్పలేదు.

విజయనగరం ల్యాబ్:
నేను డయాగ్నస్టిక్ ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. ఆరు చుక్కలంటే ఆరు ప్రొటీన్లు కలిసిపోయాయనేగా? సికిల్ సెల్ కేసుల్లో మేం రోజూ చూస్తాం. హిమోగ్లోబిన్ బీటా గొలుసులో ఆరో చోట గ్లుటామిక్ ఆసిడ్ పోయి వేలీన్ వస్తుంది, ఆ ఒక్క మార్పుకే పట్టీ పక్కకి జరుగుతుంది. అది జీన్‌లోనే ఉన్న తేడా. మీ జీడిపప్పు కూడా నాలుగైదు రకాల చెట్లది కలిసి ఉంటుంది.

నాగావళి ఒడ్డు:
ఒక్క చార్జికే పట్టీ జరుగుతుందన్నది చక్కటి ఉదాహరణ. పచ్చిదాంట్లోని మూడు చుక్కలకి మీ జవాబు సరిపోవచ్చు కూడా. ఆ ఎత్తులో జీడిపప్పులో దండిగా ఉండేది లెగ్యూమిన్‌లోని ఆసిడ్ ముక్క. విత్తనాల్లో లెగ్యూమిన్లకి ఒకటికి మించి జీన్లుంటాయి కాబట్టి ఎవరూ ఏమీ చేయకపోయినా రెండు మూడు రూపాలు రావడం మామూలే. కానీ ఒకే సంచిలోని పప్పుని రెండు భాగాలు చేసి ఒకటి వేయిస్తే, జీన్లు రెంటికీ ఒకటే. మూడు ఆరు కావడానికి అది కారణం కాలేదు.

కాశీబుగ్గ బోర్మా:
మా ఇంట్లో మూడు తరాలుగా పిక్కల పని. చదువు విషయాలు నాకు తెలీవు గానీ ఒక మాట చెప్పాలి. పలాస బజారులో పచ్చిపప్పు అని కొన్నది పచ్చిది కాదమ్మా. పిక్కకి ముందు ఆవిరి పడతాం, లేకపోతే పెంకు తియ్యలేం. కొట్టాక పప్పుని బోర్మాలో గంటల తరబడి వేడి గాలికి ఆరబెడతాం, అప్పుడే పైపొర ఊడుతుంది. గుండు అయినా బద్ద అయినా అంతే. నువ్వు తెచ్చిన పప్పు అప్పటికే రెండుసార్లు వేడి చూసింది. నిజంగా పచ్చిది కావాలంటే తోటలో పిక్క తెచ్చి, చేతులకి నూనె రాసుకుని కత్తితో కొయ్యాలి. జీడి చేతికి తగిలితే పొక్కుతుంది, జాగ్రత్త.

జీడిమామిడి:
బాబాయ్ గారూ, ఇది మా డిపార్ట్‌మెంట్‌లో ఎవరికీ తట్టలేదు. థాంక్స్ అండీ. నేను వాడింది బజారు పప్పే.

ఆర్బిట్రాప్:
ఇంత అవస్థ దేనికి? టూ-డీ జెల్ కాలం అయిపోయింది. పొడిని ట్రిప్సిన్‌తో ముక్కలు చేసి నేరుగా మాస్ స్పెక్‌కి పంపండి. లైసీన్ మీద 43 ఉందో లేదో అదే చెబుతుంది.

నాగావళి ఒడ్డు:
సగం ఒప్పుకుంటాను. చుక్కని కోసి మాస్ స్పెక్‌కి పంపితే బలమైన సాక్ష్యం వస్తుంది. కార్బమైలేషన్ అయిన లైసీన్ దగ్గర ట్రిప్సిన్ కొయ్యదు, అదీ ఒక ఆనవాలే. కానీ మొదటే పొడినంతా ముక్కలు చేస్తే ఏ ముక్క ఏ రూపం నుంచి వచ్చిందో తెలీదు. చుక్కలు ఆరుగా విడిపోయాయని మనకి కనిపించిందే జెల్ వల్ల. పైగా పొడిని యూరియాలోనే కరిగించి పంపితే అక్కడా ఇదే 43 వస్తుంది.

అమ్మా, నాలుగు స్ట్రిప్పులు ఉంటే నెలాఖరులోగా తేల్చుకోవచ్చు. ఒకే సంచి పప్పు తీసుకో, సగం వేయించు. రెండు పొడులనీ చల్లటి ఎసిటోన్‌తో కడుగు. జీడిపప్పులో దాదాపు సగం కొవ్వే, నీకు ముద్దకట్టింది బహుశా అందుకే. ఒక్కో పొడిని కొత్త యూరియా బఫర్‌లో రెండు గంటలు గది వేడిలో తిప్పి, రెండేసి ట్యూబులు చెయ్యి. అన్నిట్లోనూ సోయా ట్రిప్సిన్ ఇన్హిబిటర్ కొంచెం కలుపు. అది 20 కిలోడాల్టన్లది, 4.5 దగ్గర దాదాపు ఒక్క చుక్కగా నిలుస్తుంది. ఒక ట్యూబు అలాగే ఉంచి, రెండోది 70లో అరగంట పెట్టు. నాలుగింటిలోనూ ఒకే మోతాదు ప్రొటీన్, 100 మైక్రోగ్రాములు చాలు.

తేల్చేది పచ్చిదాన్ని వేడిచేసిన జెల్. అక్కడ చుక్కలు పెరిగితే, ఆ పెరిగినవాటికి బాణలితో సంబంధం లేదు. సోయా చుక్క కూడా చీలితే ఇంక అనుమానమే అక్కర్లేదు, ఎందుకంటే దాన్ని ఎవరూ వేయించలేదు.

జీడిమామిడి (పన్నెండు రోజుల తర్వాత):
నాలుగూ నడిపాను. స్ట్రిప్పులు రాత్రంతా 125 మైక్రోలీటర్లలో నానాయి, పైన మినరల్ ఆయిల్ పోసి 20 డిగ్రీల్లో ఫోకస్ చేశాను. ఎస్‌డీఎస్‌కి ముందు పావుగంట డీటీటీ, పావుగంట అయోడోఎసిటమైడ్.

పచ్చిది, వేడి లేదు: 3 చుక్కలు.
పచ్చిది, వేడి ఉంది: 5.
వేయించినది, వేడి లేదు: 4.
వేయించినది, వేడి ఉంది: 6.

వేడిచేసిన రెండింటిలోనూ సోయా చుక్క పక్కన ఎడమ వైపు ఇంకో రెండు వచ్చాయి, ఒకదానికంటే ఒకటి పలచగా. వేడిచేయని రెండింటిలో ఒక్కటే ఉంది. లైట్‌బాక్స్ మీద చూడగానే మా సీనియర్‌కి ఫోన్ చేశాను.

ఇక మిగిలింది వేయించినదాంట్లోని నాలుగో చుక్క. చాలా పలచగా ఉంది, కానీ ఉంది. అది నిజంగా వేయించడం వల్ల వచ్చిందేనా?

వంశధార:
నేను ఉప్పు అన్నది తప్పే, ఒప్పుకుంటున్నాను. కానీ పలచటి చుక్క ఒక్క జెల్‌లో చూసి రాసేయొద్దు. ఇంకో రెండుసార్లు వస్తేనే నమ్మండి.

నాగావళి ఒడ్డు:
వంశధార గారి మాటే నాదీ. మళ్ళీ వస్తే నాకు మొదటి అనుమానం డీఅమిడేషన్ మీద. పొడి వేడికి ఆస్పరజీన్ ఆస్పార్టిక్ ఆసిడ్‌గా మారితే ఒక నెగటివ్ చార్జి చేరుతుంది, బరువు ఒక్క డాల్టనే పెరుగుతుంది. జెల్ మీద కార్బమైలేషన్‌కీ దీనికీ తేడా కనబడదు, ఆ చుక్కని కోసి పంపాల్సిందే. ఇక్కడ ఆర్బిట్రాప్ గారి మాట వినాలి.

ఇంకొకటి. వేయించిన ట్యూబు అడుగున కరగకుండా మిగిలింది ఏమైనా ఉందా?

జీడిమామిడి:
ఉంది సార్. గోధుమ రంగు మడ్డి, బాగానే ఉంది. పచ్చిదాంట్లో దాదాపు ఏమీ లేదు.

నాగావళి ఒడ్డు:
ఎక్కువ మారిన ప్రొటీన్ ఆ మడ్డిలోనే ఉండి ఉండొచ్చు, అది జెల్‌లోకి రానే లేదు. యూరియా లేకుండా 1 శాతం ఎస్‌డీఎస్‌లో ఐదు నిమిషాలు మరిగించి, చల్లారాక యూరియా-చాప్స్ బఫర్‌తో పదింతలు చేసి చూడు. ఎస్‌డీఎస్ 0.1 శాతానికి దిగుతుంది, చాప్స్ దాన్ని మోసేస్తుంది. పచ్చిదానికీ అదే చెయ్యి.

ఆర్బిట్రాప్:
అందులో చక్కెరలు అతుక్కుని ప్రొటీన్లు ఒకదానికొకటి ముడిపడి ఉంటే ఎస్‌డీఎస్‌కీ లొంగవు. అప్పుడు మీ నాలుగు జెల్‌లూ కరిగిన భాగం గురించే చెబుతాయి, వేయించిన పప్పు గురించి కాదు.

కాశీబుగ్గ బోర్మా:
పాపా, వచ్చే వారం మా తోటలో పిక్క దించుతారు. ఆవిరి పట్టనిది ఒక కేజీ పక్కన పెట్టిస్తాను, వచ్చి పట్టుకెళ్ళు.