ఇంట్లో సంపాదించేది ఒక్కడే: హైదరాబాద్ ఆఫర్ ఇప్పుడా, తమ్ముడి చదువయ్యాకా?

బ్రాడీపేట కుర్రాడు: విజయవాడలో అకౌంట్స్ ఉద్యోగం, చేతికి 32 వేలు. గుంటూరు నుంచి రోజూ రైల్లో వెళ్లొస్తాను. నాన్నకి షుగర్, తమ్ముడు బీటెక్ రెండో ఏడాది, చెల్లి ఇంటర్. హైదరాబాద్‌లో 6.6 లక్షల ప్యాకేజీ ఇస్తామన్నారు, అందులో 60 వేలు వేరియబుల్. వెళ్లనా, తమ్ముడికి ఉద్యోగం వచ్చేదాకా ఆగనా?

కృష్ణలంక శీను: ఇంకా ఆలోచనేంటి తమ్ముడూ? నెలకి 32 ఎక్కడ, 55 ఎక్కడ!

పటమట అక్క: శీనూ, పదేళ్లుగా జీతాల లెక్కలే చూస్తున్నా, ఆ 55 చేతికి రాదు. వేరియబుల్ ఖాయం కాదు, నెలకి ఆ 5 వేలు పక్కన పెట్టు. కంపెనీ కట్టే పీఎఫ్ 1,800, గ్రాట్యుటీ పేరుతో చూపించే వెయ్యి చిల్లర కూడా ప్యాకేజీలోవే. తన వాటా పీఎఫ్ ఇంకో 1,800, వృత్తి పన్ను 200 పోతే మిగిలేది 45 వేలు. హాస్టలు, బస్సులు, నెలకోసారి ఇంటికి రాకపోకలు కలిపి 12 వేలు ఎటూ పోతాయి. ఇంటికి పంపేది ఇప్పుడున్నంతే.

అయినా వెళ్లమనే అంటాను బాబూ. తర్వాతి కంపెనీ బేరం మొదలుపెట్టేది 32 నుంచి కాదు, 45 నుంచి. కాకపోతే ఈ ఏడాది డబ్బులు ఎక్కువొస్తాయని ఇంట్లో చెప్పకు. చెప్పావంటే ఆ పెరుగుదలని నమ్ముకుని చెల్లి కాలేజీ ముందే ఖరారైపోతుంది.

మంగళగిరి మాస్టారు: ఈ వయసులో అమ్మానాన్నల్ని ఊరు మార్పించడం నాకు నచ్చలేదు. నేనూ తమ్ముళ్ల కోసం ఆగినవాణ్ణే. వాళ్లు స్థిరపడ్డారు, బాగానే చూస్తారు. నాకు మాత్రం నలభై దాటాక ఇంటర్వ్యూకి పిలిచినవాడు లేడు.

బ్రాడీపేట కుర్రాడు: వాళ్లు గుంటూరులోనే ఉంటారు మాస్టారూ. నా భయమల్లా నాన్న ఆసుపత్రి ఖర్చే. ఇప్పుడు కంపెనీ ఇన్సూరెన్స్‌లో ఉన్నారు.

కృష్ణలంక శీను: ఆయనకి సొంత పాలసీ తీసెయ్, సరిపోతుంది.

పటమట అక్క: తియ్యాల్సిందే, కానీ కొత్త పాలసీలో ముందునుంచీ ఉన్న షుగర్‌కి మూడేళ్ల దాకా క్లెయిమ్ ఇవ్వకపోవచ్చు. కంపెనీ కవరేజీ మామూలుగా ఆఖరి పనిరోజుతోనే పోతుంది. అందుకే రాజీనామా పెట్టకముందే అదే ఇన్సూరెన్స్ సంస్థని అడుగు, గ్రూపు పాలసీ నుంచి సొంత పాలసీకి మార్చుకుంటామని. ఒప్పుకుంటే గ్రూపు పాలసీలో గడిచిన కాలం ఆ మూడేళ్లలో కలిసొస్తుంది. ఒప్పుకోవాలా వద్దా అన్నది వాళ్లిష్టం. కొత్త కంపెనీలో తల్లిదండ్రులకి కవర్ ఉందో లేదో, ప్రీమియం ఎవరు కడతారో మెయిల్లో రాయించుకో. భార్యాపిల్లలకే ఇచ్చే కంపెనీలు బోలెడు.

ఇంకోటి. 20వ తేదీ దాటాక చేరితే చాలాచోట్ల మొదటి జీతం మరుసటి నెలాఖరుకే పడుతుంది. పాత కంపెనీ సెటిల్‌మెంటూ ఆలస్యం కావచ్చు. రెండు నెలల ఇంటి ఖర్చు చేతిలో లేకపోతే చేరే తేదీ వెనక్కి జరపమను.

మంగళగిరి మాస్టారు: ఇన్సూరెన్స్ వాళ్లు కాదంటేనో అమ్మా? అప్పుడూ వెళ్లమంటావా?

పటమట అక్క: కొత్త కంపెనీ కవర్ ఇస్తే వెళ్లమంటాను. రెండూ లేకపోతే నేనైతే ఈ ఆఫర్ వదిలేసి ఇంకోటి వెతుక్కుంటాను.

కృష్ణలంక శీను: నేనైతే వదలను. ఆఫర్లు రోజూ వస్తాయా అక్కా?

బ్రాడీపేట కుర్రాడు: రేపు హెచ్‌ఆర్‌కి మెయిల్ పెడతాను. వేరియబుల్ సంగతి ఇంట్లో ఇంకా చెప్పలేదు.