డైనమిక్ ప్రైసింగ్‌ని మూడు రకాల్లో ఎక్కడ పెట్టాలి? తొమ్మిది గంటలుగా తేలడం లేదు

శ్రావణి
మధ్యాహ్నం రెండింటికి కూర్చున్నాను, ఇప్పుడు రాత్రి పదకొండు. ప్రైసింగ్ మాడ్యూల్ వ్యాసంలో ఒక్క పేరా దగ్గర ఆగిపోయాను. ధరల వివక్షలో మూడు రకాలూ రాసేశాను: ఒక్కో మనిషికి ఒక్కో ధర పెట్టే ఫస్ట్ డిగ్రీ, అందరికీ ఒకే పట్టిక ఇచ్చి ఎంచుకోమనే సెకండ్ డిగ్రీ, గుంపుని బట్టి ధర పెట్టే థర్డ్ డిగ్రీ. గిరాకీని బట్టి ధర మారుస్తూ పోయే డైనమిక్ ప్రైసింగ్ వీటిలో దేని కిందకి వస్తుందో ఎంత చదివినా తేలడం లేదు. ఒక నోట్స్‌లో ఫస్ట్ అని ఉంది, ఇంకో దాంట్లో థర్డ్ అని ఉంది. మూడుసార్లు రాసి మూడుసార్లు కొట్టేశాను. దయచేసి ఒక్క ముక్కలో చెప్పండి. రేపు సాయంత్రానికి ఇచ్చేయాలి.

నజీర్
ప్రశ్న ఉన్నదున్నట్టు పెట్టండి. ఏ సరుకు గురించి అడిగారు?

ప్రవీణ్
ఫస్ట్ డిగ్రీ అని రాసేయండి. ఇప్పటి ధరలన్నీ మన బ్రౌజింగ్ చూసి, మన ఫోన్ మోడల్ చూసి, మనం ఎంతవరకు ఇవ్వగలమో అంచనా వేసి పెట్టేవే. ఒక్కొక్కరి దగ్గర పిండగలిగినంత పిండడమే కదా ఫస్ట్ డిగ్రీ అంటే. నేనైతే ఏది కొన్నా ముందు కుకీలు తుడిచేసి, కొత్త విండో తెరిచి, రెండు ఫోన్లలో చూసి కొంటాను. యూరోపియన్ యూనియన్‌లో దీనిమీద చట్టమే వచ్చింది: ఆటోమేటిక్‌గా మనకోసం ధర మార్చి చూపిస్తే ఆ సంగతి ముందే చెప్పాలి. 2019 నాటి డైరెక్టివ్. వ్యాసంలో అది తప్పకుండా రాయండి. గోప్యత గురించి కనీసం ఒక పేజీ ఉండాలి.

వేణుగోపాల్
అమ్మా, ముందు మాట సరిచేసుకో. నువ్వు 'ధరల వివక్ష' అని రాశావు, అందరూ అలాగే రాస్తున్నారు. మేం చదువుకున్న పుస్తకాల్లో 'ధర విచక్షణ' అని ఉండేది. వివక్ష అంటే తప్పు చేసినట్టే. విచక్షణ అంటే తేడా గుర్తించడం, అంతే. న్యాయమా కాదా అని చర్చించాల్సిన వ్యాసంలో మొదటి వాక్యంలోనే 'వివక్ష' అన్నావంటే విచారణ కాకముందే తీర్పు చెప్పేసినట్టు.

కల్యాణి
ప్రవీణ్ గారు చెప్పింది నిజం. నాకే జరిగింది. ఒక సంగీత కచేరీ టికెట్ల కోసం ఆన్‌లైన్ క్యూలో గంటన్నర ఉన్నాను. క్యూలో చేరినప్పుడు చూపిన ధర ఒకటి, నా వంతు వచ్చేసరికి దానికి దాదాపు రెట్టింపు. నా ఫోన్ ఖరీదైనదని కనిపెట్టారని ఇప్పటికీ నా అనుమానం. కొన్నాను కానీ ఆ కచేరీ అంతా మనసులో అదే మంట.

నజీర్
కల్యాణి గారూ, అదే క్షణంలో మీ పక్కవాళ్లకి ఎంత చూపించింది?

కల్యాణి
మా చెల్లి కూడా క్యూలోనే ఉంది. తనది పాత ఫోన్. తనకీ అదే ధర వచ్చింది, అందుకే తను కొనకుండా వదిలేసింది.

నజీర్
అయితే అది మీ ఫోన్ చూసి పెట్టిన ధర కాదు.

శ్రావణి
అయ్యో, ప్రశ్న పెట్టలేదా! అందరికీ తెలిసిన ప్రశ్నే అనుకున్నాను. ఇదీ: 'ఒక విమానయాన సంస్థ ఒకే విమానంలోని సీట్లను ప్రయాణ తేదీ దగ్గరపడే కొద్దీ ఎక్కువ ధరకు అమ్ముతుంది. ఇది ధరల వివక్ష అవుతుందా? అన్యాయమా? చర్చించండి.' 1500 పదాలు. వేణుగోపాల్ సర్, ప్రశ్నలోనే 'వివక్ష' అని ఉంది, నేను మార్చలేను.

రామలక్ష్మి
శ్రావణీ, చిక్కు ఎక్కడుందో ఇప్పుడు తెలిసింది. నేను చాలా ఏళ్లు విమాన టికెట్ల ధరల విభాగంలో పనిచేశాను, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

డైనమిక్ ప్రైసింగ్‌ని ఆ మూడింట్లో ఏదో ఒకదాని కింద పెట్టాలనుకోవడం వల్లే నువ్వు తిరిగిన చోటే తిరుగుతున్నావు. 1920లో ఆర్థికవేత్త పిగూ చేసిన ఆ మూడు విభాగాలు 'ఎవరి దగ్గర ఎంత తీసుకుంటున్నారు' అనే ప్రశ్నకి జవాబులు. డైనమిక్ ప్రైసింగ్ అనేది 'ధర ఎంత త్వరగా మారుతోంది' అనే ప్రశ్నకి జవాబు. ఒకే ధర మార్పులో ఆ రెండూ కలిసి ఉండవచ్చు, ఒకటే ఉండవచ్చు.

వివక్ష ఉందో లేదో తేల్చడానికి ధరల్లో తేడా ఒక్కటే చూస్తే సరిపోదు. ఆ తేడా ఖర్చులో తేడా వల్ల వచ్చిందా అని చూడాలి. ఖర్చు అంటే ఇంధనం, భోజనం మాత్రమే కాదు. ఈ సీటు నీకు అమ్మేస్తే రేపు ఇంకెవరికో అమ్మే అవకాశం పోతుంది. అదీ ఖర్చే. విమానం నిండిపోతున్నప్పుడు ఈ దాగిన ఖర్చు పెరుగుతుంది, దాంతో ధరా పెరుగుతుంది. ఆ మేరకు పెరిగింది కొరత ధర, వివక్ష కాదు. విమానం సగం ఖాళీగా ఉన్నా, చివరి వారంలో కొనేవాళ్లు పని మీద వెళ్లేవాళ్లనీ, ఎంతైనా ఇస్తారనీ ధర పెంచితే మాత్రం అది నికార్సైన వివక్ష. బయటినుంచి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఖాళీ సీట్ల లెక్క చూస్తేగానీ తేడా తెలియదు.

ప్రవీణ్
మేడమ్, ఎలా చూసినా వినియోగదారుడికి నష్టమే కదా. వివక్ష అంటేనే మనం ఇవ్వగలిగి కూడా ఇవ్వకుండా మిగుల్చుకునేది వాళ్ల జేబులోకి పోవడం.

రామలక్ష్మి
అన్నిసార్లూ కాదు ప్రవీణ్ గారూ. చిన్న లెక్క వేద్దాం. సీట్లు 100. ఒక ప్రయాణికుణ్ణి ఎక్కించుకోవడానికి అదనపు ఖర్చు 10. పని మీద వెళ్లేవాళ్లు 40 మంది, ఒక్కొక్కరు 100 దాకా ఇస్తారు. సరదాగా వెళ్లేవాళ్లు 60 మంది, 40కి మించి ఇవ్వరు.

అందరికీ ఒకే ధర అన్న నియమం ఉందనుకోండి. ధర 100 పెడితే 40 మంది కొంటారు, లాభం 3600. ధర 40 పెడితే విమానం నిండుతుంది, కానీ లాభం 3000. కాబట్టి సంస్థ 100 పెట్టి 60 సీట్లు ఖాళీగా తిప్పుతుంది. రెండు ధరలు పెట్టనిస్తే మొదటి గుంపు నుంచి 3600, రెండో గుంపు నుంచి 1800, మొత్తం 5400. పని మీద వెళ్లేవాళ్లు ముందూ 100 ఇచ్చారు, ఇప్పుడూ 100 ఇచ్చారు. ఎవరికీ నష్టం లేదు, 60 మంది అదనంగా ప్రయాణించారు.

ఇప్పుడు గుంపులు మాత్రం మార్చండి: 20 మంది, 80 మంది. ఒకే ధర అయితే 100 దగ్గర లాభం 1800, 40 దగ్గర 3000. సంస్థ తనంతట తనే 40 పెడుతుంది, విమానం నిండుతుంది. ఇక్కడ రెండు ధరలు పెట్టనిస్తే లాభం 4200. అదనంగా వచ్చిన 1200 ఎక్కడిది? ఆ 20 మంది ఒక్కొక్కరు 60 చొప్పున ఎక్కువ కట్టారు. కొత్తగా ఒక్కరు కూడా ఎక్కలేదు. ప్రవీణ్ గారు చెప్పింది ఈ రెండో విమానానికి పూర్తిగా నిజం.

శ్రావణీ, నీ వ్యాసంలో న్యాయం సంగతి ఇక్కడ మొదలుపెట్టు. రెండు విమానాల్లోనూ ధరలు ఒకటే, 100, 40. టికెట్లు పక్కపక్కన పెట్టి చూస్తే ఏది ఏదో చెప్పలేవు. వివక్ష లేకపోయి ఉంటే ఏ ధర ఉండేదో ఊహిస్తేనే ఎవరు నష్టపోయారో తెలుస్తుంది. వివక్ష వల్ల మొత్తం అమ్మకం పెరగకపోతే సమాజానికి ఒరిగేది లేదు. ఈ సంగతి థర్డ్ డిగ్రీకి గట్టిగా నిరూపితమైంది, కానీ ఎవరు ఏ గుంపో సంస్థకి ముందే తెలుసని అది అనుకుంటుంది.

నజీర్
ముందస్తు కొనుగోలు థర్డ్ డిగ్రీ కాదు, సెకండ్. అందరి ముందూ ఒకే పట్టిక ఉంది, ఎవరికి వారే ఎంచుకుంటారు.

రామలక్ష్మి
పట్టిక అందరి ముందూ ఒకేసారి ఉంటే ఒప్పుకుంటాను. కానీ నిన్నటి ధర ఇవాళ ఎంచుకోలేరు కదా. రేపు పని పడుతుందని ఇవాళే తెలిసినవాడికే ఎంపిక ఉంది.

నజీర్
టికెట్ రద్దు చేసుకునే వీలు, వారాంతం ఆగాలన్న షరతు లాంటివి ఒకే రోజు పక్కపక్కనే ఉంటాయి. అవైతే సెకండే.

రామలక్ష్మి
అవి సెకండే, కాదనను. తేదీని బట్టి మారే ధరని మాత్రం నేను సెకండ్ అనను.

వేణుగోపాల్
చూశారా, పేర్ల దగ్గర ఎంత తేడా వస్తుందో. నేను మొదట్నించీ చెబుతున్నది ఇదే.

కల్యాణి
లెక్కలు అర్థమయ్యాయి రామలక్ష్మి గారూ. నా ధర వ్యక్తిగతం కాదనీ ఒప్పుకుంటాను. కానీ కొరత ధర కాబట్టి న్యాయమే అంటే ఒప్పుకోలేను. అదే వేదిక, అదే కుర్చీ. గంటన్నరలో వాళ్లకి అదనంగా అయిన ఖర్చేంటి?

రామలక్ష్మి
న్యాయమని నేనూ అనలేదండీ, వివక్ష కాదన్నాను. మీరు పట్టుకున్నది అసలైన పాయింటు. 1986లో కానెమన్, నెచ్, థేలర్ ప్రచురించిన సర్వేలో ఒక ప్రశ్న ఉంది. మంచు ఎత్తిపోసే పారలు 15 డాలర్లకి అమ్మే దుకాణం, పెద్ద మంచు తుఫాను మర్నాడు 20 చేసింది. అడిగినవాళ్లలో 82 శాతం అది అన్యాయమన్నారు. దుకాణానికి నిజంగా కొనుగోలు ఖర్చు పెరిగి ధర పెంచితే మాత్రం జనం ఒప్పుకున్నారు. అంటే అలవాటైన ధర మీద తమకి హక్కుందని కొనేవాళ్లు అనుకుంటారు. కొరతని ఆర్థికశాస్త్రం ఖర్చుగా లెక్కేస్తుంది, వాళ్లు లెక్కేయరు.

అదే జనం విద్యార్థులకి, వృద్ధులకి రాయితీ ఇస్తే మెచ్చుకుంటారు. సిద్ధాంతం ప్రకారం అది అచ్చమైన థర్డ్ డిగ్రీ వివక్ష. శ్రావణీ, వివక్ష అయినదాన్ని జనం న్యాయమంటున్నారు, వివక్ష కానిదాన్ని అన్యాయమంటున్నారు. ప్రశ్నలో 'వివక్షా?' 'అన్యాయమా?' అని విడివిడిగా అడిగింది ఇందుకే. రెండు జవాబులూ విడివిడిగా రాయి.

ప్రవీణ్ గారు చెప్పిన డైరెక్టివ్ కూడా ఇక్కడ పనికొస్తుంది, కానీ సగమే. వ్యక్తిగతం కాకుండా, గిరాకీని బట్టి గబగబా మారే ధరలకి ఆ వెల్లడి నియమం వర్తించదని దాని పీఠికలోనే ఉంది.

ప్రవీణ్
అది చూడలేదు. అయినా వ్యక్తిగతం కాదని బయటివాళ్లకి ఎలా తెలుస్తుంది? ఒకే క్షణంలో రెండు ఫోన్లలో చూడటం తప్ప దారి లేదు. అందుకే కుకీలు తుడవమంటున్నాను.

కల్యాణి
నాకింకా ఒకటి తేలలేదు. క్యూలో నిలబెట్టి, చేరినప్పుడు ఒక ధర చూపి, తర్వాత మార్చారు. చూపిన ధర మీద నాకు హక్కు లేదా?

నజీర్
అది ధర ప్రశ్న కాదు, మాట ఇచ్చారా లేదా అన్న ప్రశ్న.

కల్యాణి
నాకు రెండూ ఒకటే అనిపిస్తోంది నజీర్ గారూ.

శ్రావణి
ఇప్పుడే ఇచ్చేశాను. రెండు విమానాల లెక్క పెట్టి, పారల సర్వే పెట్టాను. సెకండా థర్డా అన్నచోట రెండు వాదనలూ రాశాను. అందరికీ థాంక్స్, నిద్రపోతాను.

వేణుగోపాల్
వివక్ష అనే రాశావా చివరికి?