వేసవిలో సత్తు పానీయం మధుమేహం ఉన్నవారికి పనికివస్తుందా? (చర్చ)

గన్నవరం_గృహిణి:
మా అత్తగారికి అరవై రెండేళ్లు. చాలాకాలంగా మధుమేహం ఉంది. ఉదయం అల్పాహారానికి ముందు గ్లిమెపిరైడ్ మాత్ర, భోజనం తరువాత మెట్‌ఫార్మిన్ వేసుకుంటారు. ఈ మధ్య హైదరాబాదులో మా మరిది ఇంటికి వెళ్లినప్పుడు, అక్కడ బీహారు వారు బండి మీద అమ్మే సత్తు పానీయం ఆమెకు బాగా నచ్చింది. ఇక ఈ వేసవి అంతా ఇడ్లీ మానేసి ఉదయం పూట అదే తాగుతానంటున్నారు. ఒంటికి చలువ చేస్తుందని, చక్కెర పెరగదని ఆమె నమ్మకం. తాగే అలవాటున్నవారు, విషయం తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

బొకారో_విశ్రాంత_ఉద్యోగి:
అమ్మా, నేను ఉద్యోగరీత్యా చాలా ఏళ్లు బొకారోలో ఉన్నాను. అక్కడ శనగలను వేడి ఇసుకలో వేయించి, పొట్టుతోనో, కొంత పొట్టు చెరిగేసో పిండి ఆడిస్తారు. అదే సత్తు. మేష సంక్రాంతి నాడు, అంటే ఏప్రిల్ 14 ప్రాంతంలో, సతువాన్ పండుగ చేసుకుని సత్తును పచ్చిమామిడితో తింటారు. ఎండలో పనికి వెళ్లేవారికి ఉదయాన్నే కడుపు నింపేది అదే. మన పుట్నాల పొడి దానికి చాలా దగ్గరిది కానీ, అందులో పొట్టు ఉండదు.

చేసే పద్ధతి చెబుతాను. రెండు పెద్ద చెంచాల సత్తును ముందు కొద్ది నీటితో ఉండలు లేకుండా జారుగా కలిపి, ఆ తరువాత మిగతా నీళ్లు పోయాలి. నిమ్మరసం, వేయించిన జీలకర్ర పొడి, నల్ల ఉప్పు, సన్నగా తరిగిన ఉల్లి, పచ్చిమిర్చి, పుదీనా వేస్తారు. పిండి త్వరగా అడుగుకు దిగిపోతుంది కనుక తాగుతూ మధ్యలో కలుపుకోవాలి. కొందరు పైన తేరుకున్న నీళ్లు తాగి అడుగుది పారబోస్తారు. అలా చేస్తే అసలు బలమంతా గ్లాసులోనే మిగిలిపోతుంది.

చలువ_పదార్థాల_అభిమాని:
సత్తు స్వభావమే చలువ. అది ఒంట్లో వేడిని లాగేస్తుంది. శనగలు చక్కెరను నెమ్మదిగా వదులుతాయి కనుక మధుమేహం ఉన్నవారు ఎన్ని గ్లాసులైనా తాగవచ్చు. తీపి కావాలంటే పంచదారకు బదులు బెల్లం వేసుకుంటే సరిపోతుంది. వడదెబ్బకు కూడా ఇదే మందు.

పథ్యం_చెప్పే_వృత్తి:
నేను ఆసుపత్రిలో పథ్యాహార నిపుణురాలిగా పనిచేస్తున్నాను. పైన చెప్పిన వాటిలో శనగలు నెమ్మదిగా అరుగుతాయన్న మాట నిజం. మిగిలిన వాటికి సవరణ అవసరం.

ముప్పై గ్రాముల సత్తులో సుమారు ఆరు, ఏడు గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. ఒక కోడిగుడ్డులో ఉన్నంత అనుకోండి. పీచు మాత్రం పొట్టు ఎంత ఉంచారన్న దాన్ని బట్టి మారిపోతుంది. వీటితో పాటు పిండిపదార్థం కూడా పదిహేడు గ్రాముల దాకా ఉంటుంది. దానివల్ల చక్కెర నెమ్మదిగా పెరుగుతుంది కానీ, పెరగకుండా ఉండదు. రెండు గ్లాసులు తాగితే ఆ లెక్క రెట్టింపవుతుంది. రెండు చిన్న చెంచాల బెల్లం కలిపితే మరో తొమ్మిది గ్రాముల దాకా చేరుతుంది, అది నెమ్మదిగా అరిగేది కూడా కాదు. రక్తంలో చక్కెర విషయంలో బెల్లానికీ పంచదారకూ చెప్పుకోదగ్గ తేడా లేదు.

ఇక చలువ సంగతి. ఈ పానీయంలో ఎండకు ఉపయోగపడేవి నీళ్లు, ఉప్పు. చెమటతో పోయిన రెండింటినీ అది తిరిగి ఇస్తుంది. పుదీనా నోటికి చల్లదనం అనిపిస్తుందే తప్ప శరీర ఉష్ణోగ్రతను తగ్గించదు. సత్తు పిండి స్వయంగా వేడిని లాగేస్తుందనడానికి నాకు ఆధారం కనబడలేదు. వడదెబ్బ తగిలి మాట తడబడుతున్న మనిషి నోట్లో ఏ పానీయమూ పోయకూడదు. ఒంటి మీద నీళ్లు చల్లి, విసురుతూ, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

రక్తపోటు ఉన్నవారు ఉప్పు విషయంలో జాగ్రత్తపడాలి. అర చెంచా ఉప్పు వేస్తే రోజంతటికీ చెప్పిన ఐదు గ్రాముల్లో సగం ఒక్క గ్లాసులోనే అయిపోతుంది. నల్ల ఉప్పు కూడా ఉప్పే.

కడప_వ్యాయామం:
నేను రోజూ బరువులెత్తుతాను. డబ్బాలో వచ్చే ప్రోటీన్ పొడి మానేసి సత్తు తాగితే కండ పెరుగుతుందా? ఎన్ని చెంచాలు వేసుకోవాలి?

పథ్యం_చెప్పే_వృత్తి:
బాబూ, ఇక్కడ అడిగింది మధుమేహం ఉన్న పెద్దావిడ గురించి. మీ ప్రశ్నకు క్లుప్తంగా చెప్పాలంటే, ఆ డబ్బా పొడి ఒక కొలతలో వచ్చే మాంసకృత్తులు సత్తుతో రావాలంటే నూరు గ్రాములకు పైగా తినవలసి వస్తుంది. అంత తింటే కడుపు ఉబ్బరిస్తుంది.

నిడదవోలు_నివాసి:
గన్నవరం అమ్మగారూ, గ్లిమెపిరైడ్ అని రాశారు కనుక మా నాన్నగారికి జరిగినది చెబుతాను. ఆయన కూడా అదే మాత్ర వేసుకుంటారు. రోజూ మూడు ఇడ్లీలు తినే మనిషి, ఒక వేసవి ఉదయం మాత్ర వేసుకుని ఒక గ్లాసు సత్తు మాత్రమే తాగారు. పదకొండు గంటలకు చెమటలు పట్టి, చేతులు వణికాయి. ఎండవల్ల అనుకుని అమ్మ మరో గ్లాసు సత్తు కలపబోయింది. అనుమానం వచ్చి మీటరుతో చూస్తే చక్కెర 62 ఉంది. మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇచ్చి, పావుగంట తరువాత మళ్లీ చూస్తే 90 దాటింది.

తరువాత వైద్యులు వివరించారు. మాత్ర మోతాదు మూడు ఇడ్లీలకు సరిపడా ఉంది, లోపలికి వెళ్లిన పిండిపదార్థం అందులో సగమే. పైగా చక్కెర పడిపోయినప్పుడు సత్తు పనికిరాదు. నెమ్మదిగా అరగడమన్న దాని సుగుణమే అప్పుడు ఇబ్బంది అవుతుంది.

పథ్యం_చెప్పే_వృత్తి:
నేను చెప్పవలసి ఉండి చెప్పని ముఖ్యమైన సంగతి ఇదే. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి ఈ భయం చాలా తక్కువ. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, ఇన్సులిన్ వాడేవారు మాత్రం వైద్యుణ్ణి అడగకుండా అల్పాహారం స్థానంలో సత్తు పెట్టుకోకూడదు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు కూడా ముందు అడగాలి, ఎందుకంటే శనగల్లో పొటాషియం ఎక్కువ.

గన్నవరం_గృహిణి:
నిడదవోలు వారికి ఎంతో కృతజ్ఞతలు. మాత్ర సంగతి నా ఆలోచనకే రాలేదు. వైద్యుణ్ణి అడిగేవరకు ఇడ్లీ మానవద్దని, ఒకటి తగ్గించి సాయంత్రం నాలుగింటికి అర గ్లాసు సత్తు ఇస్తానని అత్తయ్యతో చెప్పాను. అన్నట్టు, ఇక్కడి దుకాణంలో దొరికిన పొట్లం చాలా తెల్లగా, మెత్తగా ఉంది. అది మంచిదేనా?

పథ్యం_చెప్పే_వృత్తి:
ఒకటి తగ్గించడం కూడా వైద్యుణ్ణి అడిగాకే చేయండి. అప్పటివరకు రోజూ తినే ఇడ్లీలన్నీ తిననివ్వండి. ఆయన సరేనన్నాక, సత్తు తాగే ముందూ, తాగిన రెండు గంటలకూ మీటరుతో చూసి రాసుకోండి. ఆమె ఒంటికి అది ఎలా ఉందో ఆ అంకెలే చెబుతాయి.

బొకారో_విశ్రాంత_ఉద్యోగి:
పొట్టుతో ఆడించిన సత్తు కాస్త మట్టిరంగులో, అక్కడక్కడ గోధుమరంగు నలుసులతో, వేలికి గరుకుగా తగులుతుంది. తెల్లగా ఉంటే పొట్టు పూర్తిగా తీసిందో, గోధుమో మొక్కజొన్నో కలిపిందో అయి ఉంటుంది. పొట్లం వెనుక పదార్థాల వరుసలో శనగలు ఒక్కటే ఉండాలి. వీలైతే పొట్టుతో వేయించిన శనగలు కొని మిల్లులో ఆడించుకోండి. మన తీరప్రాంతపు తేమకు త్వరగా ముక్కవాసన వస్తుంది కనుక కొద్దికొద్దిగా ఆడించుకోవడం మేలు. అక్కడ బార్లీ కలిపిన సత్తు కూడా తాగుతారు. చక్కెరకు అదే ఇంకా మంచిదని మా ఇరుగుపొరుగు అనేవారు.

పథ్యం_చెప్పే_వృత్తి:
బార్లీ విషయంలో నాకు అంత నమ్మకం లేదండీ. అది కలిస్తే మాంసకృత్తులు తగ్గి, పిండిపదార్థం పెరుగుతుంది. బార్లీలో ఉండే పీచు ఆ తేడాను ఎంతవరకు సరిచేస్తుందో ఒక్కొక్కరి ఒంటిని బట్టి ఉంటుంది. రెండు రకాలూ తాగి చూసిన మధుమేహ రోగులెవరైనా ఉంటే, తాము తీసుకున్న పరిమాణంతో సహా మీటరు అంకెలు ఇక్కడ రాయగలరా?