సూదికి మజ్జ రాలేదంటే మజ్జ ఖాళీ అయినట్టేనా?

మేనల్లుడు:
మా మామయ్యకు 54 ఏళ్లు. రెండు నెలలుగా ఆయాసం, పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి రక్తం. హిమోగ్లోబిన్ 6.8, తెల్లకణాలు 1,900, వాటిలో న్యూట్రోఫిల్స్ 600 మాత్రమే, ప్లేట్‌లెట్లు 28,000. తుంటి ఎముక నుంచి సూదితో మజ్జ తీశారు. రిపోర్టులో ‘నమూనా రక్తంతో పలచబడింది, మజ్జ తునకలు లేవు, కణాలు బాగా తక్కువ’ అని ఉంది. అది చూసి ఒక డాక్టరుగారు అప్లాస్టిక్ అనీమియా, అంటే మజ్జ ఖాళీ అయి రక్తకణాలు తయారవని జబ్బు అన్నారు, మందులు మొదలుపెడదామంటున్నారు. ఇంకొకరు ఎముక ముక్క తీసి చూడకుండా ఆ పేరు పెట్టవద్దంటున్నారు. ప్లేట్‌లెట్లు ఇంత తక్కువగా ఉన్న మనిషికి మళ్లీ ఆ బాధ అవసరమా?

దానిమ్మతోట:
బాబూ, కంగారు పడవద్దు. మా ఆవిడకు కూడా మూడు రకాల కణాలూ పడిపోయాయి. పెద్ద పెద్ద జబ్బుల పేర్లు చెప్పి మమ్మల్ని హడలగొట్టారు. చివరికి తేలింది బి12 లోపం. వరసగా ఇంజెక్షన్లు వేస్తే రెండు నెలల్లో అన్నీ మామూలు స్థాయికి వచ్చాయి. ముందు అది చూపించండి. దానిమ్మ, బీట్‌రూట్ కూడా పెట్టండి.

రెండోపుట్టినరోజు:
నాకు 2019లో అప్లాస్టిక్ అనీమియా వచ్చింది. రోగనిరోధక శక్తిని అణిచే, గుర్రం సీరంతో చేసే ఏటీజీ అనే మందు ఇచ్చారు, తరువాత సైక్లోస్పోరిన్ వాడాను. ఇప్పుడు బాగున్నాను. నా అనుభవం ఒక్కటే చెబుతాను: ఆలస్యం చేయకండి. నాకు ఒక చోట తీసిన ముక్క చాలలేదని రెండోసారి తీశారు. ఆ మూడు వారాల్లో న్యుమోనియా పట్టుకుంది. కణాలు లేని మనిషికి ఒక్కో రోజు ఒక్కో గండం. ఖాళీ అని రాసి ఉన్నప్పుడు ఇంకా దేనికోసం తవ్వుతారు?

గాజుపలక:
ఇరవై ఏళ్లుగా మజ్జ స్లైడ్లు చూడటమే నా పని కనుక రిపోర్టులోని ఆ వాక్యం గురించి మాత్రం గట్టిగా చెప్పగలను. అక్కడ ‘ఖాళీ’ అని రాయలేదు. ‘తునకలు లేవు’ అని రాశారు. చేద పైకి ఖాళీగా వచ్చిందంటే బావి ఎండిపోయి ఉండవచ్చు, లేదా చేద నీటిదాకా దిగకపోయి ఉండవచ్చు. ఈ రెండింటినీ ఒకే మాటతో పిలవడంతోనే తిప్పలు మొదలవుతాయి.

నిజమైన అప్లాస్టిక్ అనీమియాలో సూదికి తునకలు చాలావరకు సులువుగానే వస్తాయి. చూడటానికి నూనె బొట్లలా ఉంటాయి. స్లైడు మీద పరిస్తే కొవ్వు ఉన్న చోట్ల తెల్లటి ఖాళీలు, మధ్యలో కొన్ని లింఫోసైట్లు, ప్లాస్మా కణాలు కనిపిస్తాయి. రక్తం తయారు చేసే కణాలు దాదాపు ఉండవు. మీ మామయ్య విషయంలో అసలు తునకలే రాలేదు. తీసినవారి చేయి సరిగా పడకపోవడం ఒక కారణం కావచ్చు. మజ్జలో రెటిక్యులిన్ అనే సన్నటి నారల వల అల్లుకుపోయి, కణాలు దానికి చిక్కుకుని సూదిలోకి రాకపోవడం ఇంకొక కారణం. ఆ వల అల్లుకునేలా చేసేవి తరచుగా మజ్జలో ఉండకూడని కణాలే: లింఫోమా, కొన్ని ల్యుకేమియాలు, వేరే అవయవం నుంచి పాకిన క్యాన్సర్, ఒక్కోసారి క్షయ గడ్డలు కూడా. అంటే మజ్జ నిండిపోయి ఉన్నా సూదికి వచ్చేది పలచటి రక్తమే.

దానిమ్మతోట గారూ, బి12 చూడాలన్న మాట నూటికి నూరుపాళ్లు సరైనది, మన దగ్గర అది చాలా తరచుగా కనిపిస్తుంది. అయితే బి12 లోపంలో మజ్జ కిక్కిరిసి ఉంటుంది, తునకలు మామూలుగా సూదికి వచ్చేస్తాయి. బీట్‌రూట్ విషయం నేను వదిలేస్తున్నాను.

సూటిగా:
ఇంత చర్చ ఎందుకండీ? అప్లాస్టిక్‌లో ప్లీహం పెరగదు. ఇది ఎవరైనా ఒప్పుకునేదే. అల్ట్రాసౌండ్ తీయించండి. ప్లీహం పెద్దదైతే బ్లడ్ క్యాన్సర్, మామూలుగా ఉంటే అప్లాస్టిక్. ఎముకలో బెజ్జం పెట్టకుండా వెయ్యి రూపాయల్లో తేలిపోతుంది.

గాజుపలక:
సగం ఒప్పుకుంటాను. ప్లీహం పెద్దదైతే అది అప్లాస్టిక్ అనీమియాయేనా అని సందేహించాల్సిందే. కానీ దాని పక్కన ‘బ్లడ్ క్యాన్సర్’ అని రాసేయలేం. లివర్ సిర్రోసిస్ ఉన్నా ప్లీహం పెరిగి కణాలను పట్టి ఉంచుతుంది. రెండోవైపు ఇంకా ప్రమాదం. ప్లీహం మామూలుగా ఉన్నంత మాత్రాన మజ్జలో ఎవరూ చొరబడలేదని చెప్పలేం. రొమ్ము, ప్రొస్టేట్ క్యాన్సర్లు మజ్జలోకి పాకినప్పుడు ప్లీహం పెరగని కేసులు ఎన్నో చూశాను.

మేనల్లుడు:
స్కాన్ ఈ రోజే తీయించాం. ప్లీహం 15.5 సెంటీమీటర్లు, లివర్ మామూలుగా ఉంది. బి12 రిపోర్టు కూడా వచ్చింది, లోపం లేదు. మొదటి డాక్టరుగారికి స్కాన్ చూపిస్తే ‘కొద్దిగా పెరిగింది, పట్టించుకోనవసరం లేదు’ అన్నారు. ముందు స్టెరాయిడ్ మాత్రలు రాశారు, రేపటి నుంచి వేయమన్నారు. ఇంకో విషయం, రక్త పరీక్షలో మోనోసైట్లు 1 శాతం అని ఉంది. దానికేమైనా అర్థముందా?

పొద్దుతిరుగుడు:
స్టెరాయిడ్ మాత్రలు వేసే ముందు దయచేసి నా మాట వినండి. మా పాపకు ఆరేళ్లప్పుడు ఇలాగే మూడు కణాలూ పడిపోయాయి. మజ్జ పరీక్షలో ఏమీ లేదన్నారు. స్టెరాయిడ్లు ఇచ్చారు. నెల తిరిగేసరికి కణాలన్నీ మామూలు స్థాయికి వచ్చాయి. మేము మొక్కు కూడా తీర్చుకున్నాం. నాలుగు నెలల తరువాత జ్వరం, కాళ్ల నొప్పులు. అప్పుడు తీసిన మజ్జ నిండా ల్యుకేమియా కణాలే. ఆ మాత్రలే జబ్బును దాచిపెట్టాయని ఈ రోజుకీ నమ్ముతాను.

రెండోపుట్టినరోజు:
అమ్మా, మీ బాధ అర్థమవుతుంది. కానీ పిల్లల విషయం వేరు కదా? 54 ఏళ్ల మనిషికి దాన్ని ముడిపెట్టి భయపెట్టడం న్యాయం కాదు.

గాజుపలక:
వయసు వేరు, నిజమే. కానీ జాగ్రత్త ఒక్కటే. లింఫోసైట్ల జాతి ల్యుకేమియా కణాలు స్టెరాయిడ్‌కు కొన్ని రోజుల్లోనే కరిగిపోతాయి. అప్పుడు తీసిన మజ్జ నిజంగానే ఖాళీగా కనిపిస్తుంది, మేమూ మోసపోతాం. అందుకే మజ్జ తేలేదాకా స్టెరాయిడ్ వద్దంటాం. పైగా అప్లాస్టిక్ అనీమియాకైనా ఉత్త స్టెరాయిడ్ ఇవ్వడం చికిత్స కాదు. ఏటీజీ ఇచ్చినప్పుడు సీరం వల్ల వచ్చే బాధలు తగ్గించడానికి వాడతారు, అంతే. రేపటి మాత్ర సంగతి ఆ రెండో డాక్టరుగారిని ఈ రాత్రే అడగండి.

పొద్దుతిరుగుడు గారూ, మీ పాప విషయంలో మాత్రలే కారణమని నేను చెప్పలేను. కొందరు పిల్లల్లో ల్యుకేమియా బయటపడే ముందు కొన్ని వారాలు మజ్జ ఖాళీ అయి, ఏ మందూ లేకుండానే మళ్లీ నిండి, తరువాత జబ్బు కనిపించడం ఉంది. మీ పాపది ఏ దారిలో జరిగిందో ఇప్పుడు ఎవరూ తేల్చలేరు.

ఇక మోనోసైట్లు. 54 ఏళ్ల మగమనిషి, ప్లీహం పెద్దది, మజ్జ సూదికి రాలేదు, మోనోసైట్లు దాదాపు లేవు. ఈ నాలుగూ ఒకచోట కలిస్తే నాకు మొదట గుర్తుకు వచ్చేది హెయిరీ సెల్ ల్యుకేమియా, అంటే చుట్టూ వెంట్రుకల్లాంటి అంచులున్న లింఫోసైట్లతో వచ్చే బ్లడ్ క్యాన్సర్.

సూటిగా:
చూశారా, నేను అన్నదే కదా, బ్లడ్ క్యాన్సర్ అని!

గాజుపలక:
గుర్తుకు వచ్చింది అన్నాను, తేలింది అనలేదు. తీవ్రమైన అప్లాస్టిక్‌లోనూ మోనోసైట్లు తగ్గుతాయి. పైగా యంత్రం కొన్నిసార్లు ఆ వెంట్రుకల కణాలనే మోనోసైట్లుగా లెక్కించి, అంకెను మామూలుగా చూపిస్తుంది. కాబట్టి ఆ 1 శాతాన్ని నమ్మి అవుననలేం, అంకె మామూలుగా ఉన్నా కాదనలేం. రక్తపు స్లైడును ఒక మనిషి కంటితో చూడాలి.

రెండోపుట్టినరోజు:
సరే, ముక్క తీయాలనే అనుకుందాం. 28,000 ప్లేట్‌లెట్లతో రక్తం ఆగకపోతే బాధ్యత ఎవరిది?

గాజుపలక:
భయం సహజం. కానీ తీసేది తుంటి వెనుక ఎముక నుంచి. చర్మానికి దగ్గరగా ఉంటుంది, పైనుంచి గట్టిగా అదిమిపెట్టగలం. ప్లేట్‌లెట్లు ఇంతకన్నా తక్కువ ఉన్నవారికీ రోజూ చేస్తూనే ఉన్నారు. తీసిన తరువాత వెల్లకిలా పడుకోబెట్టి ఆ బరువుతోనే అదిమి ఉంచుతారు. ఆస్పిరిన్ లాంటివి, రక్తం పలచబడే మందులు వాడుతుంటే మాత్రం ముందే చెప్పాలి. ఆలస్యం గురించి మీరన్నది నేను కొట్టిపారేయను. అందుకే ముక్క ఒకేసారి సరిగా రావాలి. రెండు సెంటీమీటర్లకు తగ్గకూడదు. ఎముక పైపొర కింద మజ్జ ఎవరికైనా సహజంగానే పలచగా ఉంటుంది, పొట్టి ముక్కలో అది మాత్రమే వస్తే ఆరోగ్యవంతుడికీ ‘ఖాళీ’ అని రాసేస్తాం. బహుశా మీ మొదటి ముక్క అలాంటిదే. ఎముక గట్టిది కాబట్టి దాన్ని మెత్తబరిచి కోయడానికి కొన్ని రోజులు పడుతుంది, వారాలు కాదు.

మేనల్లుడు గారూ, ల్యాబ్‌కు పంపే కాగితం మీద ప్లీహం కొలత, సూదికి మజ్జ రాలేదన్న సంగతి తప్పకుండా రాయించండి. హెయిరీ సెల్‌లో కూడా ఒక్కోసారి మజ్జ ముక్క కొవ్వుతో నిండి ఖాళీగానే కనిపిస్తుంది. చిన్న లింఫాయిడ్ కణాలు ఆ కొవ్వు మధ్య అక్కడొకటి ఇక్కడొకటి దాగి ఉంటాయి. రెటిక్యులిన్ నారలను చూపే రంగు, బి లింఫోసైట్లను పట్టించే సీడీ 20 రంగు వేయకపోతే అనుభవం ఉన్నవారు కూడా దాన్ని అప్లాస్టిక్ అని రాసి పంపే అవకాశం ఉంది. అప్లాస్టిక్‌లో నారలు పెరగవు, ఇక్కడ పెరుగుతాయి. పొరబడి ఏటీజీ ఇస్తే అసలు జబ్బు అలాగే ఉంటుంది, ఉన్న కొద్దిపాటి రక్షణా పోతుంది.

మేనల్లుడు (తొమ్మిది రోజుల తరువాత):
స్టెరాయిడ్ వేయలేదు. ముక్క 22 మిల్లీమీటర్లు వచ్చింది, రక్తం పది నిమిషాల్లో ఆగింది. మామయ్యే నన్ను ఓదార్చారు. రిపోర్టులో కణాల శాతం ఒక చోట 15, ఇంకొక చోట 40 అని ఉంది. రెటిక్యులిన్ పెరిగింది, కొవ్వు మధ్య చిన్న లింఫాయిడ్ కణాలు, సీడీ 20 పాజిటివ్. కణాల మీది గుర్తులను చూసే ఫ్లో పరీక్షలో సీడీ 103, సీడీ 25, సీడీ 11సీ కూడా పాజిటివ్. హెయిరీ సెల్ ల్యుకేమియా అని రాశారు. మొదటి డాక్టరుగారు ఇప్పుడు క్లాడ్రిబిన్ అనే కీమో మందు వెంటనే ఇవ్వాలంటున్నారు. రెండో ఆయన ఆగమంటున్నారు, ఎందుకంటే వారం నుంచి సాయంత్రం పూట 100.6 జ్వరం వస్తోంది.

రెండోపుట్టినరోజు:
నేను అన్నది తప్పని ఒప్పుకుంటున్నాను. కానీ చూడండి, ఇప్పుడూ ఆలస్యమే సమస్య.

గాజుపలక:
మందు విషయంలో స్లైడు చూసేవాడి మాట కన్నా చికిత్స చేసేవారి మాటకే బరువు ఎక్కువ. క్లాడ్రిబిన్ ఒక విడత ఇస్తే చాలామందికి ఏళ్ల తరబడి జబ్బు అణిగి ఉంటుంది. కానీ ఇచ్చిన మొదటి వారాల్లో ఉన్న 600 న్యూట్రోఫిల్స్ కూడా పడిపోతాయి. లోపల క్షయో, ఫంగసో ఉంటే అప్పుడే విజృంభిస్తుంది. జ్వరం జబ్బుదే కావచ్చు కూడా. ముందు ఇన్ఫెక్షన్‌ను అదుపులోకి తెచ్చి తరువాత ఇచ్చేవారున్నారు. ఆగలేని పరిస్థితిలో వెమురాఫెనిబ్ లాంటి మాత్రలతో కొంతకాలం నెట్టుకొచ్చేవారూ ఉన్నారు. ఛాతీ సీటీ తీశారా?

మేనల్లుడు:
రేపు ఉదయం ఎనిమిదింటికి.

దానిమ్మతోట:
రిపోర్టు రాగానే ఇక్కడ రాయండి బాబూ.