‘హుక్’ను తెలుగులో ఏమనాలి, వాక్యంలో ఎక్కడ పెట్టాలి?

అమలాపురం నుంచి, కొత్తగా వంట వీడియోలు చేస్తున్నాను: అమ్మ చేసిన కూర వీడియో ఇలా మొదలుపెట్టాను: “అందరికీ నమస్కారమండీ, ఈరోజు మనం మా కోనసీమ పద్ధతిలో ఆవ పెట్టిన పనసపొట్టు కూర ఎలా చేసుకోవాలో చూద్దాం.” మూడో సెకను దాటకుండానే చాలామంది వెళ్లిపోయారు. చూసేవాళ్లను మొదట్లోనే ఆపే హుక్ లేదంటున్నారు. ఆ మాటకు తెలుగేమిటండీ? అది ఎలా రాసుకోవాలి?

తణుకు సభ్యుడు: గాలం అంటే సరిపోతుంది. ఏదో ఒక ప్రశ్నతో మొదలుపెట్టండి. “పనసపొట్టు కూర ఎప్పుడైనా తిన్నారా?” అంటే ఆగుతారు.

భీమవరం, తెలుగు మాస్టారు: గాలం కన్నా ‘ఎత్తుగడ’ నయమమ్మా, పద్యం మొదలుకు వాడే మాట. ప్రశ్న మంచిదే కానీ ‘తిన్నారా’ అంటే “తిన్నాను” అనుకుని వేలితో పైకి తోసేస్తారు. ప్రశ్న వాళ్ల వంటింట్లో ఇబ్బందిని తాకాలి.

మీ వాక్యంలో అసలు చిక్కు వరస. తెలుగులో విశేషణాలన్నీ ముందు వస్తాయి, క్రియ చివరికి పోతుంది. ‘పనసపొట్టు’ రాకముందే 29 అక్షరాలు అయిపోయాయి, లెక్కపెట్టాను. తీరిగ్గా మాట్లాడితే మూడు సెకన్లలో పద్దెనిమిది, ఇరవై అక్షరాలే పడతాయి. ఇలా అనండి: “పనసపొట్టు కూర చేదెక్కిందా? ఆవ ఇప్పుడే వద్దు!” సరిగ్గా 18.

రాజోలు నుంచి ఒక గృహిణి: ఆవ చేదొస్తోందా అమ్మాయ్? మా అత్తగారు ఉప్పు, ఎండుమిర్చి వేసి నూరేవారు. అలా చేసి చూడు.

అమలాపురం: చేదు రాలేదు పిన్నిగారూ, వీడియో గురించి అడిగాను. మాస్టారూ, ఆ మాట అంటున్నప్పుడు ఏం చూపించాలి?

మాస్టారు: పొయ్యి ఇంకా వెలుగుతుండగా, మూకుడు పైన ఆవముద్ద ఉన్న చెంచా ఆగిపోవాలి. ‘వద్దు’ అనగానే చెయ్యి వెనక్కి తీసుకోండి. ఎప్పుడు కలపాలన్న సందేహం ఉన్నవారు ఆగుతారు. కొందరు సౌండ్ ఆపేసి చూస్తారు, అందుకే ‘ఆవ ఇప్పుడే వద్దు’ అని తెర మీద పెద్దగా వేయండి. పొయ్యి ఆపి, కూర వేడి తగ్గాక ఆవ కలపాలన్నది త్వరగా చెప్పేయండి. చివరిదాకా దాస్తే పదిహేనో సెకను దగ్గర చూసేవాళ్ల గ్రాఫ్ మళ్లీ పడుతుంది.

నరసాపురం, చేపల వంటలు చేసేవాణ్ణి: నేను వడ్డించిన పులుసు గిన్నెతో మొదలుపెట్టేవాణ్ణి, ఎవరూ ఆగలేదు. ఎర్రటి పులుసు గిన్నె అందరి వీడియోలోనూ ఒకేలా ఉంటుంది. ఇప్పుడు గిన్నెను రెండు చేతులా పట్టుకుని గుండ్రంగా ఊపుతూ, “ముక్క విరుగుతోందా? గరిట పెట్టకండి” అంటున్నాను. ఈమధ్య ఎక్కువమంది చివరిదాకా చూస్తున్నారు.

రాజోలు: నమస్కారం చెప్పకుండా మొదలెట్టడం నాకు నచ్చలేదు.

మాస్టారు: ఆ రెండు ముక్కలయ్యాక చెప్పవచ్చు కదండీ.

రాజోలు: ఇంటికొచ్చినవాళ్లకి ముందు నమస్కారం, తరవాతే కూర సంగతి. నేనలాగే అంటానండి.

అమలాపురం: ఆయ్, రెండు రకాలూ తీసి వేర్వేరు రోజుల్లో పెడతాను. గ్రాఫ్‌లు ఇక్కడే చూపిస్తాను.